పన్నెండు నెలల పని, ఒక సాయంత్రపు మార్కు



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ పెద్దాయన చాలా ఏళ్లు ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో పర్సనల్ విభాగం చూశారు. ఏటా ఏప్రిల్ వచ్చిందంటే కట్టలకొద్దీ వార్షిక నివేదికలు ఆయన బల్ల మీదికి చేరేవి. వాటిని చదవడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ఒక అధికారి రాసిన నివేదికలన్నీ పక్కపక్కన పరిచి, ఉద్యోగుల పేర్ల జోలికి పోకుండా ముందు మార్కుల వరసలు మాత్రమే చూసేవారు. కొందరి కట్టలో అందరికీ నాలుగులే. కొందరి కట్టలో ఒక మనిషికి అన్ని గళ్లలోనూ అయిదులు, పక్క మనిషికి అన్ని గళ్లలోనూ మూడులు. "ముందు రాసినవాణ్ణి చదవాలి, ఎవరి గురించి రాశాడో వాణ్ణి తర్వాత చదవాలి" అనేవారు. ఆ రోజుల్లో మాకు అది అనుభవంతో వచ్చిన మాట అనిపించింది. తర్వాత పరిశోధనలు కూడా అదే చెప్పాయి.

2000లో స్కల్లెన్, మౌంట్, గాఫ్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు నాలుగు వేల మందికి పైగా మేనేజర్ల రేటింగులను విశ్లేషించారు. ఒక్కొక్కరికి ఇద్దరు పై అధికారులు, ఇద్దరు సాటివాళ్లు, ఇద్దరు కింది ఉద్యోగులు మార్కులు వేశారు. ఆ మార్కుల్లో కనిపించిన తేడాల్లో సగానికి పైగా, పని చేసిన మనిషి వల్ల కాక మార్కు వేసిన మనిషి ధోరణి వల్ల వచ్చినవని తేలింది. అంటే మన చేతికొచ్చే అప్రైజల్ కాగితం మీద మన పేరున్నా, అందులో సగం మన మేనేజరు గురించిన సమాచారమే. జీతం పెంపు, ప్రమోషను, ఒక్కోసారి ఉద్యోగం ఉండటమూ ఊడటమూ ఆ కాగితం మీదే ఆధారపడతాయి కాబట్టి ఈ సంగతిని తేలిగ్గా వదిలేయకూడదని నేను నమ్ముతాను.

ఈ పొరపాట్లకు పుస్తకాల్లో చాలా పేర్లున్నాయి. నేను మూడింటినే తీసుకుంటాను. ఈమధ్య జరిగినదే గుర్తుండి మార్కును లాగేయడం రీసెన్సీ. ఒక గుణం వెలుగు మిగతా గుణాలన్నిటి మీదా పడటం హాలో. అందరికీ ధారాళంగా వేసేయడం లీనియెన్సీ. మూడింటినీ ఒకే గాటన కట్టి 'మేనేజర్లలో పక్షపాతం' అంటుంటారు. నా దృష్టిలో అవి మూడు వేరువేరు చోట్ల పుడతాయి. మొదటిది జ్ఞాపకంలో, రెండోది అంచనా వేయడంలో, మూడోది తెలిసిన అంచనాను కాగితం మీద పెట్టడంలో. ఎక్కడ పుట్టినదానికి అక్కడే మందు వేయాలి. మన సంస్థలు ఎక్కువగా మొదటి రెండింటి మందును మూడోదానికి వేస్తున్నాయి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

మాట గాలిలో తేలకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాదులో ఒక బీమా కంపెనీకి సాఫ్ట్‌వేర్ సేవలందించే ఎనిమిదిమంది బృందం ఉందనుకుందాం. అందులో పద్మ, రవి. సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. జూన్, జులై, ఆగస్టుల్లో పద్మ పాత డేటాబేసు నుంచి పాలసీల రికార్డులన్నీ కొత్తదానిలోకి తరలించింది. అసలు తరలింపుకు ముందు ట్రయల్ రన్‌లోనే, పాత రికార్డుల్లో నామినీ వివరాలు కొన్ని తప్పు గడిలో పడుతున్నాయని ఆమె పట్టుకుంది. గడువులోపే పని ముగిసింది. కంపెనీలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. అక్టోబరులో చేరిన ఇద్దరు కొత్త పిల్లలకు ఆమే పని నేర్పింది. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి రిలీజు చేస్తూ ఒక కాన్ఫిగరేషన్ ఫైలు మార్చడం మరిచిపోయింది. కస్టమర్ పోర్టల్ మూడు గంటలు పనిచేయలేదు.

ఆ రాత్రి పోర్టల్‌ను తిరిగి నిలబెట్టింది రవి. కస్టమర్ వైపు మేనేజరు అతణ్ణి మెచ్చుకుంటూ పెద్దలందరికీ కాపీ పెట్టి మెయిల్ రాశాడు. అంతకుముందు పది నెలల్లో రవి పని ఒక మోస్తరుగా సాగింది. జులైలో క్లెయిముల రిపోర్టు ఆరు రోజులు ఆలస్యమైంది. నవంబరులో ఇంకో పని గడువు దాటింది.

మార్చి నెలాఖరు సాయంత్రం మేనేజరు ఫారం తెరిచాడు. పని నాణ్యత, గడువులు, కస్టమరుతో వ్యవహారం, తోటివారికి సాయం, కొత్తవి నేర్చుకోవడం అని అయిదు గళ్లు, ఒక్కోదానికి అయిదు మార్కులు. రవికి వరసగా 4, 4, 5, 4, 4 వేశాడు. పద్మకు 3, 3, 2, 3, 3. సగటు తీస్తే రవికి 4.2, పద్మకు 2.8. ఈ మేనేజరు చెడ్డవాడు కాదు, ఎవరి మీదా కక్ష లేదు. నిజాయితీగా కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు, ఫిబ్రవరి రాత్రి గుర్తొచ్చింది. అంతే.

ముందు జ్ఞాపకం సంగతి. మరిచిపోవడాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఎనిమిదిమంది పనిని పన్నెండు నెలలపాటు తలలో పెట్టుకోగల మనిషి ఉండడు. దగ్గరి నెలలు గుర్తుంటాయి, గొడవ జరిగిన రోజులు గుర్తుంటాయి. ప్రశాంతంగా జరిగిపోయిన పని గుర్తుండదు. పద్మ చేసిన తరలింపు బాగా జరగబట్టే కనపడకుండా పోయింది. ఇది తెలిసిన ఉద్యోగులు కొందరు కనపడే పనులన్నీ జనవరి తర్వాతకే దాచుకుంటారు. వాళ్లను తప్పుపట్టను, పద్ధతి వాళ్లకు నేర్పింది అదే.

దీనికి మందు రాసిపెట్టుకోవడం. చాలామందికి తెలిసిన సలహాయే గానీ, ఎలా రాయాలన్నది తెలియక రెండు నెలల్లో మానేస్తారు. 1954లో జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వవేత్త, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వైమానిక దళంతో చేసిన పని ఆధారంగా, ముఖ్య సంఘటనల పద్ధతిని వివరించాడు. దాని సారం చిన్నది: మనిషి ఎలాంటివాడో రాయొద్దు, ఏం చేశాడో రాయి. 'పద్మ చాలా శ్రద్ధగల అమ్మాయి' అన్న వాక్యం మార్చిలో ఎందుకూ కొరగాదు. 'జూన్ 14: ట్రయల్ రన్‌లో నామినీ వివరాలు తప్పు గడిలో పడటం పద్మ పట్టుకుంది, ఆమెను ఎవరూ అడగలేదు, సరిచేసే స్క్రిప్టు మర్నాటికల్లా ఇచ్చింది' అని ఉంటే, తొమ్మిది నెలల తర్వాత చదివినా ఆ పని కళ్లకు కడుతుంది. తేదీ, పరిస్థితి, చేసిన పని, ఫలితం. నాలుగూ రెండు వాక్యాల్లో ఇమిడిపోతాయి.

నోట్సును మనిషికొక పేజీ చొప్పున పెట్టుకోవడం మంచిది. వచ్చిన సంఘటననల్లా తేదీల వరసలో ఒకే చోట రాసుకుంటూ పోతే, చివరికి ఒక మనిషి గురించి ఏముందో ఏరుకోవడమే పెద్ద పనవుతుంది. డెనిసి, అతని సహచరులు రేటింగుల మీద చేసిన ప్రయోగాల్లో కూడా డైరీ రాసినవాళ్లు, అదీ మనుషులవారీగా అమర్చుకున్నవాళ్లు మెరుగ్గా గుర్తు తెచ్చుకోగలిగారు.

అయితే నోట్సు దానంతటది న్యాయం చేయదు. మనకు నచ్చినవాళ్ల మంచిపనులు, నచ్చనివాళ్ల తప్పులు రాసుకుంటూ పోతే, మార్చిలో మన ఇష్టాయిష్టాలకు లిఖితపూర్వక సాక్ష్యం తయారవుతుంది. అది నోట్సు లేకపోవడం కంటే ప్రమాదం. అందుకని నెలకొక రోజు పెట్టుకుని, ఆ రోజు బృందంలో ప్రతి ఒక్కరి పేజీలోనూ కనీసం ఒక సంఘటన రాయాలి. ఎవరి పేజీకి రాయడానికి ఏమీ తోచలేదో, ఆ మనిషి పనిని మనం చూడలేదన్నమాట. మర్నాడు వెళ్లి చూడాలి. నా అనుభవంలో ఈ పద్ధతివల్ల కలిగే అసలు మేలు ఇదే. మార్చిలో ఫారం నింపేటప్పుడు ఆ పేజీని ఏప్రిల్ నుంచి చదవడం మొదలుపెట్టాలి, తాజా నెల నుంచి కాదు.

ఇక హాలో. ఈ మాటను ఈ అర్థంలో స్థిరపరచింది ఎడ్వర్డ్ థార్న్‌డైక్. 1920లో ఆయన రాసిన వ్యాసం చిన్నదే గానీ ఇప్పటికీ చదవదగ్గది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో సైన్యాధికారులు తమ కింది అధికారులకు శరీరదారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం వంటి గుణాలకు విడివిడిగా మార్కులు వేశారు. ఆ మార్కుల మధ్య సంబంధాన్ని థార్న్‌డైక్ లెక్కగట్టాడు. వైమానిక అధికారుల విషయంలో దారుఢ్యానికీ తెలివికీ 0.31, దారుఢ్యానికీ నాయకత్వానికీ 0.39, దారుఢ్యానికీ శీలానికీ 0.28 వచ్చింది. కండబలం ఉన్నవాడికి ఆ మేరకు శీలం కూడా ఉంటుందని ఎవరం అనుకోం కదా. మరీ ఎక్కువగా, మరీ సమానంగా ఉన్న ఆ అంకెల్ని చూసి ఆయన తేల్చిందేమిటంటే, మార్కు వేసినవాళ్లు గుణాలను విడివిడిగా చూడలేదు, మనిషి గురించి మొత్తమ్మీద ఏర్పడిన ఒకే అభిప్రాయాన్ని అన్ని గళ్లలోనూ నింపారని.

ఆ వ్యాసంలోనే ఆయన ఒక విరుగుడు కూడా సూచించాడు. అధికారి మార్కు ఇవ్వకూడదు, తాను చూసిన సాక్ష్యం మాత్రం ఇవ్వాలి. ఒక గుణానికి మార్కు వేసేటప్పుడు అదే మనిషి ఇతర గుణాల గురించిన సాక్ష్యం కంట పడకూడదు. వందేళ్లు దాటినా మన ఫారాలు ఇందుకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. ఒక మనిషి పేరు పైన, అయిదు గళ్లు కింద. మొదటి గడిలో 4 వేసిన చేయి రెండో గడిలో కూడా 4 వేయడానికే మొగ్గుతుంది.

ఖర్చు లేకుండా చేయగల మార్పు ఒకటుంది. మనిషివారీగా కాకుండా గడివారీగా నింపండి. ఎనిమిదిమందికీ ముందు గడువుల గడి ఒక్కటే నింపి, కాగితం పక్కన పెట్టి, మర్నాడు తోటివారికి సాయం గడి తీయండి. అప్పుడు ప్రశ్న 'రవి ఎలాంటివాడు' అని కాకుండా 'ఈ ఎనిమిదిమందిలో గడువులు ఎవరు పాటించారు' అని మారుతుంది. రెండో ప్రశ్నకు ఫిబ్రవరి రాత్రి జవాబు కాజాలదు. దీంతోపాటు ప్రతి అంకెకూ ఏ ప్రవర్తన ఉంటే ఆ అంకె వేయాలో ముందే రాసుకోవాలి. 1963లో స్మిత్, కెండాల్ ఈ పద్ధతిని వివరంగా రూపొందించారు. గడువుల గడిలో 4 అంటే 'చాలా బాగుంది' అని రాసి ఉపయోగం లేదు. 'ఒప్పుకున్న తేదీలన్నీ పాటించాడు, ఆలస్యం కానున్న ఒకటి రెండు సందర్భాల్లో కనీసం వారం ముందే చెప్పాడు' అని ఉండాలి. అలాంటి వాక్యాలు ఆ పని చేసేవాళ్లే కూర్చుని రాసుకోవాలి. హెచ్‌ఆర్ విభాగం ఎక్కడినుంచో తెచ్చి ఇస్తే ఎవరూ వాటిని చదవరు.

పద్మ, రవి కాగితాలను ఈ దారిలో మళ్లీ నింపి చూద్దాం. నాణ్యతలో పద్మకు 4: పెద్ద తరలింపు దోషం లేకుండా చేసింది, ఫిబ్రవరి తప్పు మాత్రం తీవ్రమైనది, అది లేకపోతే 5 వచ్చేది. గడువులు 4, కస్టమరుతో 3, తోటివారికి సాయం 5, నేర్చుకోవడం 3. రవికి నాణ్యత 3, గడువులు 2, కస్టమరుతో 5, సాయం 3, నేర్చుకోవడం 3. పద్మ సగటు 3.8, రవి సగటు 3.2. ఫిబ్రవరి రాత్రి రవి చేసిన మంచి పని ఎక్కడికీ పోలేదు, దానికి చెందిన గడిలో అయిదుకు అయిదు మార్కులతో ఉంది. అలాగే పద్మ తప్పు కూడా మాసిపోలేదు. తారుమారైంది సగటు ఒక్కటే. ఇన్‌క్రిమెంటు వచ్చేదీ రానిదీ ఆ సగటును బట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వరసగా ఒకే అంకె కనపడితే హాలో అని ముద్ర వేసేయడం తప్పు. నిజంగానే అన్నిట్లోనూ బాగా చేసేవాళ్లు ఉంటారు. 1980లో బెర్నార్డిన్, పెన్స్ చేసిన ప్రయోగం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. హాలో, లీనియెన్సీ పొరపాట్లు చేయవద్దని శిక్షణ ఇచ్చినవాళ్ల మార్కుల్లో ఆ రెండూ తగ్గాయి, దాంతోపాటు మార్కుల ఖచ్చితత్వం కూడా తగ్గింది. కారణం ఊహించవచ్చు. 'అన్ని గళ్లలో ఒకేలా వేయకు' అని చెబితే మనిషి సాక్ష్యం కోసం వెతకడు, అంకెల్ని అటూ ఇటూ మార్చి తేడా పుట్టిస్తాడు. మన కార్పొరేట్ శిక్షణల్లో స్లైడు వేసి పక్షపాతాల జాబితా చదివించి పంపేసే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అది మేలు చేయకపోగా కొన్నిసార్లు కీడు చేస్తుందని నలభై ఏళ్ల కిందటే తేలింది.

దానికి బదులు పనికొచ్చే శిక్షణ వేరే ఉంది. ముగ్గురు ఊహాజనిత ఉద్యోగుల ఏడాది పనిని ఒక్కో పేజీలో రాసి, మేనేజర్లందరి చేతా విడివిడిగా మార్కులు వేయించాలి. ఒకే పేజీ చదివి ఒకరు 2, ఒకరు 4 వేస్తారు. ఎందుకు వేశారో, ఏ వాక్యాన్ని ఆధారం చేసుకున్నారో ఇద్దరూ చెప్పాలి. అనుభవజ్ఞులు ముందే ఒప్పుకున్న మార్కుతో పోల్చాలి. ఒక పూట పడుతుంది. ఇలాంటి శిక్షణలన్నిటి ఫలితాలను 1994లో వోర్, హఫ్‌కట్ కలిపి చూసినప్పుడు, కొలబద్దను అందరికీ ఒకటిగా చేసే ఈ పద్ధతే ఖచ్చితత్వాన్ని అన్నిటికంటే ఎక్కువగా పెంచిందని కనపడింది.

ఇప్పటిదాకా చెప్పినవి తెలియక చేసే పొరపాట్లు. లీనియెన్సీ అలాంటిది కాదు. మేనేజరుకు సరైన అంకె తెలుసు. తెలిసే పైది వేస్తాడు. 1987లో లాంగెనెకర్, సిమ్స్, జియోయా 60 మంది ఎగ్జిక్యూటివ్‌లతో మాట్లాడి రాసిన వ్యాసంలో ఇది దాపరికం లేకుండా బయటపడింది. కిందివాడి జీతం పెరగాలని, మొహం మీద చెడు చెప్పాల్సిన ఇబ్బంది తప్పించుకోవాలని, రికార్డులో శాశ్వతంగా మచ్చ ఉండిపోకూడదని, ఇంట్లో కష్టంలో ఉన్నాడని, వాళ్లు కావాలనే మార్కు పెంచారు. ఒక్కోసారి భరించలేని మనిషి ప్రమోషను మీద వేరే విభాగానికి పోతాడనీ పెంచారు. వీటిలో కొన్ని కారణాలు మానవీయమైనవి, నేను వాటిని ఎగతాళి చేయను. కూతురి పెళ్లి దగ్గరున్న మనిషికి 2 వేయడానికి చేయి రాకపోవడం సహజం. కానీ డైరీ రాయించో, గళ్లు విడదీసో దీన్ని తగ్గించలేం. డైరీలో ఉన్నది చదువుకుని, తెలిసే ఎక్కువ వేస్తాడు.

ఈ ధారాళం వల్ల ఎవరికీ నష్టం లేదనుకుంటాం. ఎవరికి నష్టమో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చూపిస్తుంది. దేవ్‌దత్ అనే ఇంజనీరు సరిహద్దు రోడ్ల సంస్థలో పనిచేసేవారు. సూపరింటెండింగ్ ఇంజనీరుగా ప్రమోషను రావాలంటే గత అయిదేళ్ల రహస్య నివేదికల్లో 'వెరీ గుడ్' ఉండాలి. 1993–94కు ఆయనకు 'గుడ్' అని రాశారు. ఆ సంగతి ఆయనకు తెలియజేయలేదు. 'గుడ్' అంటే చెడ్డ మాట కాదు కదా, చెడ్డ మాటలుంటేనే చెప్పాలని అప్పటి నిబంధన. ఆ ఒక్క మాటతో ఆయన పేరు పక్కకు పోయింది, ఆయనకంటే జూనియర్లకు ప్రమోషన్లు వచ్చాయి. 2008 మే 12న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ప్రమోషనుకు 'వెరీ గుడ్' కావాలన్నచోట 'గుడ్' ప్రతికూలమే అవుతుందని, ఏ వ్యాఖ్య అయినా ఉద్యోగికి తెలియజేసి, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చెప్పింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని ధ్రువపరచింది. 2009 మే 14 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుతో రహస్య నివేదిక ఏపీఏఆర్‌గా మారి, మొత్తం నివేదికను ఉద్యోగికి చూపించడం మొదలైంది.

న్యాయసూత్రాల దృష్టితో ఈ కేసును చాలామంది చర్చించారు. నేను అప్రైజల్ దృష్టితో చూస్తాను. 'గుడ్' వచ్చిన మనిషి మినహాయింపుగా మిగిలిపోయాడంటే, 'వెరీ గుడ్' అన్నది మామూలు మార్కు అయిపోయిందన్నమాట. ఒక శాఖలో పదిమంది అధికారుల్లో తొమ్మిదిమంది ధారాళంగా వేస్తే, కొలతకు కట్టుబడిన పదో అధికారి కింద పనిచేసేవాళ్లు దెబ్బతింటారు. తొమ్మిదిమంది ఉదారత ఖర్చును వాళ్లెవరికీ తెలియని ఒక ఇంజనీరు భరిస్తాడు.

నివేదిక చూపించడం మంచిదే. అయితే చూపిస్తారని తెలిశాక రాసేవాడి చేయి ఇంకా పైకే పోతుంది, ఎందుకంటే రేపు ఉదయం ఆ మనిషి మొహం చూడాలి. దీనికి విరుగుడు మళ్లీ రహస్యానికి వెళ్లడం కాదు, కారణం రాయించడం. ఏపీఏఆర్‌లో పదికి మార్కులు వేస్తారు. 1, 2 గానీ 9, 10 గానీ అరుదుగా ఉండాలని, వేస్తే నిర్దిష్టమైన వైఫల్యాలో విజయాలో చూపించాలని సూచనలున్నాయి. ఆలోచన సరైనదే. కానీ అదే వ్యవస్థలో 8 నుంచి 10 దాకా అంతా 'అవుట్‌స్టాండింగ్' కిందికే వస్తుంది, ప్రమోషను లెక్కలో ఒకటే విలువ. కారణం అడిగేది 9 దగ్గర, లాభం మొదలయ్యేది 8 దగ్గర. రాసేవాడికి ఏ కష్టమూ లేకుండా ఎనిమిదిన్నర వేసే సందు మనమే వదిలాం. కారణం అడగాల్సిన గీత, లాభం మొదలయ్యే గీత ఒకటే కావాలి. ఇంకా మంచిది, సాక్ష్యం వాక్యం రాస్తే తప్ప ఏ అంకే వేయలేకుండా ఫారం తయారుచేయడం.

ప్రైవేటు రంగం దీనికి వేరే మందు పట్టుకుంది, బెల్ కర్వ్. ఇంత శాతం మందే పైన, ఇంత శాతం తప్పనిసరిగా అట్టడుగున. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్ష్ కాలంలో 20–70–10గా పేరుపొందింది. మన ఐటీ ఉద్యోగులకు దీని బాధ చెప్పక్కర్లేదు. లీనియెన్సీ నిజంగానే ఆగుతుంది. కానీ లెక్క చూడండి. కంపెనీ మొత్తంలో పదిశాతం మంది పని నిజంగా బాగాలేదనే అనుకుందాం. ఎవరు ఏ బృందంలో పడతారన్నది యాదృచ్ఛికమైతే, ఎనిమిదిమంది బృందంలో అలాంటి మనిషి ఒక్కరూ ఉండకపోయే అవకాశం 0.9 ఎనిమిదో ఘాతం, అంటే నూటికి 43. నూరు బృందాల్లో 43 బృందాలకు అసలు లేని మనిషిని వెతికి తెమ్మంటున్నాం. ఆ మేనేజరు ఏం చేస్తాడు? కొత్తగా చేరినవాణ్ణో, ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన అమ్మాయినో, ఈసారి నీ వంతు అని ఒప్పించగలిగినవాణ్ణో ఎంచుకుంటాడు. మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో ఈ పద్ధతిని వదిలేసింది, మన దేశంలోనూ పెద్ద కంపెనీలు కొన్ని తర్వాత వదిలాయి. వందల మంది ఉన్నచోట ఈ గీత ఒక హెచ్చరికగా పనికొస్తుంది. చిన్న బృందం మీద కోటాగా పెడితే అది అబద్ధం రాయించడమే.

కోటా లేకుండా లీనియెన్సీని తగ్గించే దారి, మేనేజర్లు కలిసి కూర్చునే సమావేశం. దీన్ని క్యాలిబ్రేషన్ అంటున్నారు. చాలాచోట్ల ఇది బేరసారాల సంతగా మారింది. గొంతు పెద్దదైన మేనేజరు బృందానికి అయిదులు, మెతకగా మాట్లాడే మేనేజరు బృందానికి మూడులు. దాన్ని సరిగ్గా నడపడానికి కొన్ని నియమాలు అవసరం. సమావేశానికి ముందురోజే మార్కులు రాతపూర్వకంగా ఇచ్చేయాలి, లేకపోతే మొదట మాట్లాడినవాడి మార్కు చుట్టూ అందరూ చేరతారు. సమావేశంలో ముందు సంఘటనలు చదవాలి, అంకె చివర చెప్పాలి. పై అధికారి అందరికంటే ఆఖర్న నోరు విప్పాలి. ఒకరి మార్కు మార్చాలంటే కొలబద్దలో ఏ వాక్యం ప్రకారం మారుస్తున్నారో రాయాలి. మన పద్మ విషయంలో అలాంటి సమావేశంలో పక్క బృందం మేనేజరు 'మా పిల్లలకి పని నేర్పింది ఆవిడేనండీ' అన్నాడనుకోండి, అది మేనేజరు పేజీలో లేని సాక్ష్యం. సమావేశం వల్ల వచ్చే అసలు లాభం అదే.

ఒక మేనేజరు సగటు మిగతావాళ్లకంటే ఎక్కువుంటే అతను ధారాళమా, లేక అతని బృందమే మంచిదా అన్నది అంకె ఒక్కటే చూసి చెప్పలేం. వేరే కొలతతో పోల్చాలి: ఆ బృందం గడువుల రికార్డు, కస్టమరు ఫిర్యాదులు, ఆ బృందం నుంచి వేరే మేనేజరు కిందికి బదిలీ అయినవాళ్లకు మరుసటి సంవత్సరం వచ్చిన మార్కులు. ఈ చివరిది చాలా విలువైనది. ఒక మేనేజరు కింద 4.5 తెచ్చుకున్నవాళ్లు బదిలీ తర్వాత ఏటా 3.2 దగ్గరికి వస్తుంటే, అతనితో కూర్చుని మాట్లాడాల్సిన సమయం వచ్చింది. ఒకరిద్దరి విషయంలో ఇలా జరిగితే ఏమీ తేల్చకూడదు.

ఇన్ని చేసినా లీనియెన్సీ పూర్తిగా పోదు, ఎందుకంటే దాని వేరు మార్చిలో లేదు. జులైలో రవికి ఏమీ చెప్పని మేనేజరు, మార్చిలో గడువుల గడిలో 2 వేయలేడు. వేస్తే రవి అడుగుతాడు: "ఏడాదంతా ఒక్క మాట అనలేదే, ఇప్పుడు రెండేంటి సార్?" ఆ ప్రశ్న న్యాయమైనది, దానికి మేనేజరు దగ్గర జవాబు లేదు. కాబట్టి 4 వేస్తాడు. మనం ధారాళం అని పిలిచేదానిలో చాలా భాగం, చెప్పాల్సినప్పుడు చెప్పని మాటకు మేనేజరు కట్టే వడ్డీ. అందుకే నెలవారీ పేజీలో ఉన్నదాన్ని ఆ నెలలోనే ఆ మనిషికి చూపించాలని నేను పట్టుబడతాను.

ఆ మాట ఎలా ఉండాలి? "రవీ, క్లెయిముల రిపోర్టు ఆరు రోజులు లేటయింది. లేటవుతుందని మనకి ఎప్పుడు తెలిసింది?" "నాలుగో తారీకునే తెలుసు సార్. ఎలాగోలా అయిపోతుందనుకున్నా." "నాలుగున నాకు చెప్పుంటే కస్టమరుతో మాట్లాడి తేదీ మార్పించేవాణ్ణి. ఈసారి ఆలస్యం అనిపించిన రోజే చెప్పు. ఇది నీ పేజీలో రాస్తున్నా, చూసుకో." ఇంతే, అయిదు నిమిషాలు. తర్వాత నవంబరులో మళ్లీ గడువు దాటితే, ఆ రోజున చెప్పాడా లేదా అన్నది కూడా పేజీలో ఉంటుంది. చెప్పి ఉంటే ఆ గడిలో 3 కావచ్చు. చెప్పకపోతే మార్చిలో వేసే 2 ఎందుకొచ్చిందో రవికి ముందే తెలుసు. రివ్యూ చేసే పై అధికారి నాలుగు నెలలకోసారి ఈ పేజీల్లో నాలుగైదు తీసి, తేదీలున్నాయా, ఉద్యోగి చూసినట్టు సంతకం ఉందా అని పరిశీలిస్తే, మార్చిలో ఆయన పని సగానికి సగం తగ్గుతుంది.